చారు ఎప్పుడు దించాలి?



మూడేళ్ల క్రితం మా ఇంటావిడ మంచం పట్టినప్పుడు, డెబ్బై దాటాక మొదటిసారి చారు పెట్టాను. ఎంత మరిగితే అంత రుచి అనుకుని అరగంట మరిగించాను. ఆవిడ ఒక్క ముద్ద తిని, “పులుపు చిక్కబడింది, మిరియాల వాసన ఎగిరిపోయిందండీ” అంది. తర్వాత మంచం మీంచే నేర్పింది.

నలుగురికి ఉసిరికాయంత పాత చింతపండు, రెండు పండిన టమాటాలు చాలు. టమాటా పులుపూ ఉంది గనుక చింతపండు అంతకు మించకూడదు. చింతపండు పులుసులో టమాటాలు చిదిపి, ఉప్పు, పసుపు, కరివేపాకు వేసి, రెండు గ్లాసుల నీళ్లతో పది నిమిషాలు మరగనివ్వాలి. ఆవిరిలో చింతపండు పచ్చివాసన పోవాలి.

అప్పుడు మరో రెండు గ్లాసుల నీళ్లు పోసి, చెంచాడు మిరియాలు, చెంచాడు జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి వెయ్యాలి. ఇక పొయ్యి దగ్గరనుంచి కదలకూడదు. అంచుల వెంట నురగ కట్టి, మధ్యకు చేరి పైకి లేస్తుంది. తెర్లకముందే దించి, నేతిలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టి మూత వెయ్యాలి.

ఆ రోజు ఆవిడ మళ్లీ అడిగి పోయించుకుంది. ఇప్పుడు లేచి తిరుగుతోంది గాని, రాత్రి చారు మాత్రం నాదే.