పెద్దాయన చేతిలో ఫోన్



మాతో కలిసి పనిచేసి రిటైరైన ఒక ఉపాధ్యాయుడి సంగతి ఆయన అనుమతితోనే, పేరు లేకుండా చెబుతున్నాము. భార్య పోయి రెండేళ్లయింది. కొడుకు గల్ఫ్‌లో, కూతురు అదే ఊళ్లో వేరే ఇంట్లో. ఒకటో తారీఖున పింఛను పడేది, పన్నెండుకల్లా అయిపోయేది. ఇంటికి కొత్త వస్తువేదీ రాలేదు. జబ్బూ లేదు.

కూతురు మొదట గమనించింది డబ్బు కాదు, నిద్ర. ఉదయం పదింటికి కూడా కళ్లు ఎర్రగా ఉండేవి. ఆమె గదిలోకి వస్తే ఫోను బోర్లా పెట్టేవారు. తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తే రాత్రి పదకొండు, రెండు మధ్య రెండు వందలు, ఐదు వందలు, మళ్లీ ఐదు వందలు, పది నిమిషాలకొకటి. పోయినదాన్ని తిరిగి రాబట్టాలనుకునేవారి లెక్క ఇలాగే కనిపిస్తుంది. డబ్బు వెళ్లింది ముక్కూమొహం తెలియని మనుషుల ఖాతాలకు. 2025 కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అయినా మెసేజీల్లో వచ్చే లింకులతో దొంగచాటుగా నడుస్తున్నాయి. ఆ చట్టం శిక్షించేది ఆడించేవారిని, ఆడేవారిని కాదు. ఈ మాట చెబితే పెద్దవాళ్లకు సగం భయం పోతుంది.

ఆమె ఫోను లాక్కోలేదు. "హరామ్ పని" అనీ అనలేదు. అది ఆయనకు తెలియక కాదు, తెలిసే దాచారు. పక్కన కూర్చుని, "అబ్బా, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదా?" అని మాత్రం అడిగింది. మూడో రోజున ఆయనే చెప్పారు: "రమ్మీ తెరిస్తే నలుగురి మధ్య కూర్చున్నట్టుంటుందమ్మా."

తర్వాత ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లారు. పింఛను పడే ఖాతాకు యూపీఐ తీసేయించారు. చిల్లర ఖర్చులకు వేరే ఖాతాలో వారానికి వెయ్యి రూపాయలు వేసుకుంటున్నారు. ఎవరి బలవంతమూ లేదు, సంతకం ఆయనదే. చేసిన అప్పును కొడుకు తండ్రి చేతికివ్వకుండా నేరుగా అప్పిచ్చినవారికి కట్టాడు. అన్నిటికంటే ముఖ్యం ఆ రాత్రి వేళ. ఇషా నమాజు తర్వాత మనవడు పుస్తకాలతో తాతగారింటికి వస్తాడు, లెక్కలు చేసి అక్కడే పడుకుంటాడు.

రెండు నెలల తర్వాత ఒకసారి మళ్లీ ఆడారు. ఆ మాట ఆయనే వచ్చి కూతురికి చెప్పారు. ఆమె కోప్పడలేదు కాబట్టే చెప్పగలిగారు.

ఇంటి మాటతో ఆగకపోతే, అప్పుల యాప్‌లు వేధిస్తుంటే, "బతికేం లాభం" అనే మాట వినిపిస్తే ఆలస్యం చేయవద్దు. టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మన సహాయం అందుకునే ఇళ్లలోనూ, మన ఇళ్లలోనూ ఒంటరి పెద్దలున్నారు. ఈ వారం ఒకరి ఇంటికి రాత్రి తొమ్మిదింటికి వెళ్లి కూర్చుందాం.