కాలు జారితే చెయ్యి ఎందుకు విరిగింది?

అక్కలారా, కొత్తపేట వైపు మన సభ్యురాలు ఒకావిడకి 58 ఏళ్లు. ముట్టు ఆగి పదేళ్లయింది. నూతి గట్టు దగ్గర జారి మణికట్టు విరిగింది. నాచు వల్లే అనుకున్నాం. కానీ నిలబడ్డ చోట పడినంతలో గట్టి ఎముక మామూలుగా విరగదండీ.

అందుకని తిండి అడిగాను. పాలు టీలోకే, మజ్జిగ గరిటెడు. ఆ వయసుకి రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. గ్లాసు పాలలో వచ్చేది దాదాపు 240. పప్పు, చేప వారానికి రెండుసార్లే. 50 కిలోల మనిషికి రోజూ 40 గ్రాముల మాంసకృత్తులు కావాలి. పనంతా ఇంట్లోనే, ఒంటికి ఎండ తగలదు, డి విటమిన్ తక్కువుండొచ్చు. ఏడాదిలో ఇది రెండోసారి పడటం.

నాలుగూ కలిశాయి కాబట్టి, కట్టు విప్పాక ఊరుకోకుండా డాక్టరు గారిని ఎముక సాంద్రత పరీక్ష అడగమన్నాను. కాల్షియం బిళ్లలొక్కటే చాలవు. మీరెవరైనా ఇలా పడితే, విరిగిందా అనే కాదు, ఎన్నోసారి అని కూడా చెప్పండి.