వార్డెన్ సంతకం తల్లి సమ్మతి కాదు
(స్టేషన్ ఘన్‌పూర్‌లో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన పిల్లలు చదివే బడులకు, గురుకులాలకు అప్పుడప్పుడు ఎవరో ఒకరు ప్రశ్నావళి పట్టుకొని వస్తారు. వారు విశ్వవిద్యాలయ పరిశోధకులు కావచ్చు, స్వచ్ఛంద సంస్థ వారు కావచ్చు, ప్రభుత్వ శాఖ వారు కావచ్చు. ఇంట్లో ఎంతమంది ఉన్నారు, నాన్న ఏం చేస్తారు, రాత్రి నిద్ర పడుతుందా, నిన్నెవరైనా ఎగతాళి చేశారా అని అడుగుతారు. పద్ధెనిమిదేళ్లు నిండని బిడ్డను ఈ ప్రశ్నలు అడగడానికి ఎవరి అనుమతి కావాలి? ఈ రోజు మేము ఈ ఒక్క విషయమే మాట్లాడదలచాము.

ముందే ఒక మాట చెప్పాలి. మేము ప్రశ్నావళులకు వ్యతిరేకులం కాము. ముస్లింల స్థితిగతులను లెక్కలతో చూపిన 2006 నాటి సచార్ కమిటీ నివేదిక గానీ, మన రాష్ట్రంలో 2016లో వచ్చిన సుధీర్ కమిషన్ నివేదిక గానీ, ప్రజల నుంచి సేకరించిన సమాచారం లేకుండా తయారయ్యేవి కావు. లెక్కలు లేని సమాజపు గోడు ఎవరికీ వినబడదు. అందుకే ఆ లెక్కలు న్యాయమైన పద్ధతిలో సేకరించాలని మేము కోరుతున్నాము.

పద్ధతి తప్పితే ఏమవుతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. మహబూబాబాద్ దాటితే వచ్చే ఖమ్మం జిల్లాలోనే అది జరిగింది. 2009 జూలైలో ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా వేశారు. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పరిశోధన కార్యక్రమమది. అందులో చాలామంది గిరిజన బాలికలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవారు. కొందరు బాలికలు మరణించడంతో ఆందోళన రేగి, 2010లో కార్యక్రమాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ సంఘం అభిప్రాయపడింది. కానీ సమ్మతి పత్రాల సంగతి వేరు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో వాటి లెక్క బయటపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి 9,543 పత్రాలు ఉండగా, 1,948 పత్రాలపై వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాలపై తల్లి సంతకమూ లేదు, తండ్రి సంతకమూ లేదు. హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. అంటే ప్రతి వంద పత్రాల్లో దాదాపు ఇరవై తొమ్మిది.

టీకా వేరు, ప్రశ్నావళి వేరు అని మీరనవచ్చు. నిజమే, సూది శరీరంలోకి దిగుతుంది. ప్రశ్న అలా దిగదు. అయితే జరిగిన తప్పు సూదిది కాదు, సంతకానిది. ఆ తప్పు ప్రశ్నావళి విషయంలో మరింత సులువుగా జరుగుతుంది. ‘కాగితమే కదా’ అని ఎవరూ పట్టించుకోరు.

ప్రధానోపాధ్యాయుడు గానీ వార్డెన్ గానీ ఇచ్చేది బడి గేటు లోపలికి వచ్చే అనుమతి. అది అవసరమే. కానీ బిడ్డ తరఫున ఇచ్చే సమ్మతి అది కాదు. సమ్మతి తల్లి గానీ తండ్రి గానీ, వారు లేనిచోట చట్టబద్ధమైన సంరక్షకుడు గానీ ఇవ్వాలి. షరీఅత్ ప్రకారం బాలిగ్ అయిన అమ్మాయి కదా, ఆమె మాట చాలదా అని కొందరు అడుగుతారు. పరిశోధన విషయంలో దేశంలో పాటించే వయసు పద్ధెనిమిదే. తండ్రి దూరదేశంలో ఉంటే పత్రం ఆగిపోవాలా అని మరికొందరు అడుగుతారు. ఆగనక్కరలేదు. ప్రమాదం స్వల్పమైన ప్రశ్నావళికి తల్లిదండ్రుల్లో ఒక్కరి సమ్మతి సాధారణంగా సరిపోతుంది. అసలు సమ్మతే అక్కరలేదని మినహాయించే అధికారం పరిశోధనను పరిశీలించే నీతి సంఘానికి మాత్రమే ఉంది. బడికి లేదు.

తల్లి ఒప్పుకున్నంత మాత్రాన పని ముగియదు. బిడ్డ కూడా ఒప్పుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లల అంగీకారాన్ని నోటిమాటగా తీసుకొని నమోదు చేయాలి. పన్నెండు దాటి పద్ధెనిమిది లోపు వారి అంగీకారాన్ని రాతపూర్వకంగా తీసుకోవాలి. తల్లి ‘సరే’ అన్నా బిడ్డ ‘వద్దు’ అంటే, ఆ ‘వద్దు’ అనే మాటే చెల్లాలి. తల్లి ‘వద్దు’ అంటే బిడ్డ ఉత్సాహపడినా అడగకూడదు. రెండు తాళాలూ తెరుచుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది.

ఒక ఊహా ఉదాహరణతో ఇది ఆచరణలో ఎలా ఉంటుందో చూద్దాం. ఒక మైనారిటీ బాలికల గురుకులంలో తొమ్మిదో తరగతిలో ఎనభై మంది ఉన్నారనుకోండి. నిద్ర, భోజనం, దిగులు, ఎగతాళి గురించి ప్రశ్నావళి ఇవ్వాలి. రెండు వారాల ముందుగా ఇళ్లకు పత్రాలు పంపారు. యాభై రెండు తిరిగి వచ్చాయి. నలభై ఏడుగురు సరేనన్నారు, ఐదుగురు వద్దన్నారు. మిగిలిన ఇరవై ఎనిమిది ఇళ్ల నుంచి జవాబు లేదు. ‘అభ్యంతరముంటేనే తెలియజేయండి, లేకుంటే సమ్మతించినట్లే’ అని రాసి పంపే పద్ధతి ఇక్కడే ఆకర్షిస్తుంది. కానీ ఆ ఇరవై ఎనిమిది పత్రాల్లో కొన్ని బిడ్డ సంచిలోనే మిగిలిపోయి ఉండవచ్చు. కొన్ని చదవడం రాని అమ్మ చేతిలో ఉండవచ్చు. మౌనాన్ని సమ్మతిగా లెక్కిస్తే, అందరికన్నా నోరులేని ఇళ్ల పిల్లలనే అడగకుండా వాడుకున్నట్లవుతుంది.

అలాగని వారిని వదిలేస్తే ఇంకో నష్టముంది. జవాబు రాని ఇళ్లలోనే కష్టాలు ఎక్కువ ఉండవచ్చు. వారు లేని లెక్క అసలు పరిస్థితికన్నా అందంగా కనిపిస్తుంది. కాబట్టి మళ్లీ అడగాలి. తల్లిదండ్రులు పిల్లలను చూడవచ్చే ఆదివారం ఒకరు బడిలో కూర్చొని, ఇంట్లో మాట్లాడే ఉర్దూలో గానీ తెలుగులో గానీ పత్రాన్ని చదివి వినిపించాలి. ‘గోప్యత పాటించబడును’ అంటే మన అమ్మలకు అర్థం కాదు. ‘మీ అమ్మాయి రాసింది టీచరుకు చూపించం’ అంటే అర్థమవుతుంది. వేలిముద్ర వేయడం తప్పు కాదు. చదివి వినిపించినట్లు, బడికీ పరిశోధకులకూ సంబంధం లేని చదువుకున్న సాక్షి పక్కన సంతకం చేయాలి. ఆ ఆదివారం ఇరవై ఎనిమిది మందిలో పదిహేడు మంది వచ్చి, పదిహేను మంది సరేనన్నారు, ఇద్దరు వద్దన్నారు. మొత్తం సమ్మతి అరవై రెండు, నిరాకరణ ఏడు, జవాబు లేనివి పదకొండు.

ఇప్పుడు పిల్లల వంతు. ఇక్కడ అసలు చిక్కు గదిలో ఎవరున్నారన్నదే. మార్కులు వేసే టీచరు, ఔట్‌పాస్ ఇచ్చే వార్డెన్ ఎదురుగా నిలబడి ‘ఇష్టమైతేనే రాయండమ్మా’ అంటే ఏ పిల్ల వద్దంటుంది? వారు బయట ఉండాలి. సమ్మతి రాని, ఇష్టం లేని పిల్లలను లేపి వేరే గదికి పంపితే అందరి కళ్లూ వారిపైనే పడతాయి. అందుకే వారికీ అలాంటి కాగితమే, బొమ్మ వేసుకోవడానికో చదువుకోవడానికో పనికొచ్చేది ఇవ్వాలి. ఏ ప్రశ్ననైనా వదిలేయవచ్చని, మధ్యలో ఆపవచ్చని ముందే చెప్పాలి. అరవై రెండు మందిలో నలుగురు మొదటే వద్దన్నారు, ఇద్దరు సగంలో ఆపారు. పూర్తి చేసినవారు యాభై ఆరుగురు. ఎనభై మందిలో యాభై ఆరుగురని నివేదికలో నిజాయితీగా రాయాలి. ఎనభైకి ఎనభై సంతకాలూ ఒక్క రోజులోనే వచ్చాయంటే, ఒకే సిరా, ఒకే చేతిరాత కనిపిస్తే, ఎక్కడో పొరపాటు జరిగిందని అనుమానించాలి.

ఇక, మైనారిటీలుగా మనం ప్రత్యేకంగా పట్టించుకోవలసిన విషయం ఒకటుంది. ‘పేరు రాయనక్కరలేదు, కనుక ఎవరికీ తెలియదు’ అంటారు. గురుకులంలో అది నిజం కావచ్చు. కానీ నలభై మంది ఉన్న తెలుగు మాధ్యమం తరగతిలో ముగ్గురే ముస్లిం పిల్లలుంటే? మతం, ఊరు, తండ్రి వృత్తి అని మూడు గడులు నింపితే చాలు, ఆ మెకానిక్ గారి అమ్మాయి ఎవరో టీచరుకు పేరు లేకుండానే తెలుస్తుంది. ‘నిన్నెవరు ఎగతాళి చేశారు’ అన్న ప్రశ్నకు ఆ పిల్ల రాసిన జవాబు ఇక రహస్యం కాదు. కనుక సమ్మతి పత్రం చూసేటప్పుడు మతం ఎందుకు అడుగుతున్నారని అడగండి. అవసరమే అయితే ఊరు, వృత్తి గడులు తీసేయమనండి. ఐదుగురికన్నా తక్కువ మంది ఉన్న గుంపు వివరాలు విడిగా ప్రచురించవద్దనండి. సమ్మతి పత్రాలనూ జవాబు పత్రాలనూ వేర్వేరుగా భద్రపరచమనండి. అమెరికాలో 1978లో వచ్చిన ఒక చట్టం మత ఆచారాలు, ఇంటి ఆదాయం, మానసిక సమస్యలు వంటి కొన్ని విషయాలను ప్రత్యేకంగా పేర్కొంది. కేంద్ర విద్యాశాఖ నిధులతో జరిగే సర్వేలో వీటిని తప్పనిసరిగా అడగాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి ముందుగా ఉండాలంది. మన ప్రశ్నావళిని తూచడానికి ఆ జాబితా పనికొస్తుంది.

చివరిగా, పిల్లలకు ఇవ్వకూడని మాట ఒకటుంది. ‘నువ్వేం రాసినా ఎవరికీ చెప్పం’ అన్న మాట. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలపాలి. తెలపకపోవడం శిక్షార్హం. కాబట్టి బిడ్డకు ముందే ఇలా చెప్పాలి: ‘నువ్వు రాసింది మాలోనే ఉంచుకుంటాం. అయితే ఎవరైనా నిన్ను బాధిస్తున్నారని తెలిస్తే, నీకు సాయం చేసేవారికి చెప్పవలసి వస్తుంది.’ దానితోపాటు 1098 బాలల సహాయ నంబరు రాసిన చీటీ ప్రతి బిడ్డకూ ఇవ్వాలి. ఆ చీటీ కొందరికే ఇస్తే, ఎవరు ఏం రాశారో బయటపడుతుంది.

బిడ్డ చెప్పే మాట మన దగ్గర అమానత్. పెట్టిన వ్యక్తిని అడగకుండా అమానత్‌ను మరొకరి చేతిలో పెట్టము కదా. ఈసారి మీ ఇంటికి సమ్మతి పత్రం వస్తే చదవండి, లేదా చదివించుకోండి. అర్థం కాకపోతే సంతకం ఆపండి. అసలు పత్రమే రాకుండా ప్రశ్నావళి అయిపోయిందని మీ పిల్ల చెబితే, మరుసటి రోజు బడికి వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి: మా బదులు సంతకం పెట్టిందెవరు?