చీటీ బల్ల దగ్గర వినబడే మాట



కుందుర్పిలో ఒక చిన్న క్లినిక్ ఉందనుకుందాం. జనం ఫోన్లో వెతికి చదువుకునేలా నెలకు నాలుగు ఆరోగ్య వ్యాసాలు రాయాలని అక్కడి డాక్టరు గారు పూనుకున్నారు. వెంటనే రాయడానికి కూర్చుంటే ‘మధుమేహం – కారణాలు, లక్షణాలు, చికిత్స’ అనే రాత వస్తుంది. అలాంటివి పెద్ద ఆసుపత్రులు ఎప్పుడో రాసేశాయి. వెతికితే పైన కనబడేవి అవే. మన రాతను చూసేవాళ్ళుండరు.

అందుకే ముందుగా ఓపీ చీటీ రాసే బల్ల మీద ఒక నోట్‌బుక్ పెట్టాలి. వచ్చినవాళ్ళు నోరు తెరిచి చెప్పే మొదటి మాటను, ఏమీ దిద్దకుండా, రెండు వారాలు రాయాలి. “పాపకు పండ్లు పసుప్పచ్చగా అయినాయి సార్.” “షుగర్ ఉంది, సంగటి తినొచ్చునా?” ఇలాంటివి. తర్వాత ఒక్కో మాటను ఫోన్లో సగం కొట్టి, కింద ఏయే ప్రశ్నలు రాలుతాయో చూడాలి. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో మరోసారి. మనవాళ్ళలో చాలామంది `pamu karisthe em cheyali` అనే కొడతారు మరి.

ఇక్కడో చిక్కుంది. మన సీమలో పళ్ళను పండ్లు అంటాం. అదే మాట ఫోన్లో కొడితే జామపండ్లు, మామిడిపండ్లు వచ్చి కూర్చుంటాయి. కాబట్టి శీర్షికలో ‘పిల్లల పళ్ళ మీద పసుపు మచ్చలు: నీళ్ళు కాచి తాగితే తగ్గుతాయా?’ అని పెట్టి, పండ్లు అనే మాటను లోపల వాడుకోవాలి. ‘ఫ్లోరోసిస్’ అనే పేరు రెండో పేరాలో వస్తే చాలు. వెతికే మాట శీర్షికలో ముందే ఉండాలి, ఎందుకంటే ఫోన్ తెరమీద పొడుగు శీర్షికల తోక తెగిపోతుంది.

ఆ ప్రశ్నకు జవాబు మొదటి రెండు వాక్యాల్లోనే రావాలి. తగ్గవు. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై తగ్గే కొద్దీ మిగిలినదాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరక్కపోతే ఒకటిన్నర వరకు అని మన దేశ ప్రమాణం. పళ్ళు చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు తాగిన నీళ్ళే ఆ మచ్చలకు మూలం. ఇది పిల్లల తల్లులకు పనికొచ్చే మాట. బోరు నీళ్ళను పరీక్షకు పంపే చోటు కూడా రాస్తే వ్యాసం పూర్తయినట్టే.

నెలను జూన్ అనుకుంటే మొదటి వారం మాత్రం పాముకాటుకే ఇవ్వాలి. వేరుశనగ విత్తే అదను, చేలల్లో చేతులు, కాళ్ళు మట్టిలో ఉండే రోజులు. పెద్దవాళ్ళు రాత్రిపూట పాము పేరెత్తరు, ‘పురుగు ముట్టింది’ అంటారు. కానీ ఫోన్లో కొట్టే కొడుకు ‘పాము’ అనే కొడతాడు, ‘సర్పదంశం’ అని ఎవరూ కొట్టరు. ‘పాము కరిస్తే మొదటి అరగంటలో చేయాల్సినవి’ అన్నది శీర్షిక. తాడు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కట్టెతో ఆనించి 108కి ఫోన్ చేయాలి. కట్లపాము కరిస్తే నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవచ్చు, అందుకని ఊరుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం ఇంకొకటుంది: విరుగుడు ఇంజెక్షన్ మన దగ్గర ఉందా, లేదా? లేకపోతే లేదని పై వరుసలోనే రాసి, అది ఉన్న దగ్గరి ఆసుపత్రి పేరు చెప్పాలి. కల్యాణదుర్గం పోవాల్సిన బండి మన వాకిట ఆగి అరగంట పోగొట్టుకోకూడదు.

రెండో వారం పళ్ళ మచ్చలు, మూడో వారం సంగటి. రాగుల్లో పీచు ఎక్కువే గానీ నూటికి డెబ్బై పాళ్ళు పిండిపదార్థమే, కాబట్టి ముద్ద సైజే అసలు సంగతి. ‘సంగటితో షుగర్ మాయం’ అని శీర్షిక పెడితే ఎక్కువమంది చూస్తారేమో! కానీ మధుమేహం నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడాన్నే 1954 నాటి చట్టం నిషేధించింది. సంగటికి మాత్రం అంత గొప్ప అంటగట్టడమెందుకు?

పడిన కష్టం ఫలించిందో లేదో సెర్చ్ కన్సోల్ అనే పట్టికలో తెలుస్తుంది. వ్యాసం చాలాసార్లు కనబడినా ఎవరూ తెరవలేదంటే శీర్షిక మార్చాలి. అసలు కనబడనే లేదంటే మనం ఎంచుకున్న మాటే తప్పు, నోట్‌బుక్ మళ్ళీ తీయాలి. ఊరి పేరుతో వెతికేవాళ్ళు సున్నా అని కొన్ని లెక్కలు చూపిస్తాయి, వాటిని నమ్మొద్దు. చిన్న ఊళ్ళ వెతుకులాట ఆ లెక్కలకు అందదు.

నాలుగో వారం గడి ఖాళీగా ఉంచాలి. వానలు పడగానే జ్వరాలొస్తాయి. “జరం తగ్గింది గానీ కడుపులో నొప్పి” అని ఆ వారం నలుగురు చీటీ బల్ల దగ్గర అంటే, డెంగీలో జ్వరం దిగిన ఒకటి రెండు రోజులే ప్రమాదమన్న వ్యాసం ఆ గడిలోకి ఎక్కుతుంది.