అడిగిన ప్రతి రూపాయికీ ఒక లక్ష్యం, ఒక నెల



మీరిచ్చే జకాత్, సదఖా మా చేతిలో అమానత్. సహాయం కోరుతూ వచ్చిన దరఖాస్తును మేము ఎలా పరిశీలిస్తామో ఒక నమూనాతో వివరిస్తాం. అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవే. కానీ అమీన్‌పూర్, బీరంగూడ, పటాన్‌చెరు బస్తీల నుంచి వచ్చే దరఖాస్తుల తీరు ఇదే.

దరఖాస్తు కుట్టు శిక్షణ కోసం. లక్ష్యం: ఏడాదిలో 40 మంది పేద మహిళలకు కుట్టు నేర్పడం, వారిలో కనీసం 25 మంది సంపాదించేలా చూడడం. అడిగింది 6,00,000 రూపాయలు. 20 మిషన్లకు 2,40,000. పన్నెండు నెలల అద్దె 96,000. టీచర్ జీతం పన్నెండు నెలలకు 1,44,000. గుడ్డ, దారం 30,000. ప్రారంభ, ముగింపు సభలకు 40,000. ఇతర ఖర్చులు 50,000. కూడిక సరిగ్గానే ఉంది. అయితే కూడిక సరిపోయినంత మాత్రాన బడ్జెట్ సరైనదని కాదు.

మొదట బడ్జెట్‌ను కాలక్రమం పక్కన పెట్టి చూస్తాం. ఆగస్టులో గది వెతకడం, సెప్టెంబరు, అక్టోబరులలో మిషన్లు కొనడం, నవంబరు నుంచి నాలుగేసి నెలల చొప్పున 20 మందితో రెండు బ్యాచులు, జూలైలో నివేదిక. అంటే పాఠం చెప్పేది ఎనిమిది నెలలే. మరి జీతం పన్నెండు నెలలకు ఎందుకు? అక్కడ 48,000 అదనం. గది వెతుకుతున్న నెలకు అద్దె ఉండదు కనుక మరో 8,000 తగ్గుతుంది.

తరగతి ఉదయం మూడు గంటలే అని రాశారు, టీచర్‌కు మాత్రం పూర్తి రోజు జీతం. అలాంటప్పుడు ఒక్కో బ్యాచులో పదిమందిని ఉదయం, పదిమందిని మధ్యాహ్నం కూర్చోబెడితే పది మిషన్లు చాలు. 1,20,000 మిగులుతుంది.

తర్వాత లక్ష్యం వైపు నుంచి చూస్తాం. ప్రతి ఖర్చు ఎదుట, అది ఏ లక్ష్యం కోసమో రాస్తాం. సభల 40,000 ఎదుట రాయడానికి ఏమీ దొరకదు. దానికంటే పెద్ద లోపం మరొకటి ఉంది. “25 మంది సంపాదించాలి” అన్న లక్ష్యం ఎదుట ఒక్క రూపాయి కూడా లేదు. నేర్చుకున్న ఆమె ఇంటికెళ్లి దేనిమీద కుడుతుంది? ఆర్డర్లు వస్తున్నాయో లేదో ఎవరు చూస్తారు? డబ్బు కేటాయించని లక్ష్యం కాగితం మీదే ఉండిపోతుంది.

తక్కువ అడగడం కూడా లోపమే. గుడ్డకు 30,000 అంటే తలకు 750 రూపాయలు, నాలుగు నెలలకు. పాత గుడ్డల మీద గీతలు నేర్చుకోవచ్చు గానీ, కొలతకు బ్లౌజు, సల్వార్ కుట్టడం రావాలంటే కొత్త గుడ్డ కత్తిరించాల్సిందే. ఇక్కడ మేమే మరో 30,000 కలపమంటాం.

సభలతో కలిపి తగ్గినది 2,16,000. అందులో గుడ్డకు 30,000, బాగా నేర్చుకుని ఇంట్లో మిషన్ లేని 12 మందికి సొంత మిషన్లకు 1,44,000, మూడు నెలలు ఇళ్లకు వెళ్లి ఆరా తీసే వ్యక్తికి 18,000. ఇంకా 24,000 మిగులుతుంది. దరఖాస్తు 5,76,000కు దిగింది, లక్ష్యం మాత్రం బలపడింది.

ఏ డబ్బు దేనికన్నది కూడా చూడాలి. జకాత్ హక్కుదారులు ఎవరో సూరా తౌబా 60వ ఆయత్ చెబుతుంది. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం జకాత్ సొమ్ము పేదవారి సొంతం కావాలి. దాన్నే తమ్లీక్ అంటారు. కాబట్టి అర్హురాలైన మహిళకు సొంతంగా ఇచ్చే మిషన్‌కు జకాత్ వాడతాం. కేంద్రంలో ఉండే మిషన్లకు, అద్దెకు, జీతాలకు లిల్లాహ్ నిధి నుంచే ఇస్తాం.

చివరగా క్యాలెండర్. 2027లో రంజాన్, చంద్రదర్శనాన్ని బట్టి, ఫిబ్రవరి రెండో వారంలో మొదలుకావాలి. వారి లెక్కలో మొదటి బ్యాచు చివరి వారాలు ఉపవాసాల్లో పడతాయి, హాజరు తగ్గుతుంది. మిషన్ల కొనుగోలుకు రెండు నెలలు అక్కర్లేదు. సెప్టెంబరులోనే కొంటే అక్టోబరులో తరగతి మొదలై జనవరితో ముగుస్తుంది. ఈద్ బట్టల ఆర్డర్లు వచ్చే వేళకు ఆ 20 మంది చేతిలో పని ఉంటుంది. రెండో బ్యాచు ఈద్ తర్వాత మార్చి మధ్యలో మొదలై జూలై మధ్యలో ముగుస్తుంది. వాళ్లు సంపాదిస్తున్నారో లేదో జూలైలోనే తెలియదు కాబట్టి, ఆరా తీసే మూడు నెలలు, తుది నివేదిక అక్టోబరు దాకా జరుపుతాం.

డబ్బు కూడా ఒకేసారి ఇవ్వం. మిషన్ల బిల్లు చూశాక ఒక విడత, మొదటి బ్యాచు హాజరు పట్టీ చూశాక మరొకటి. ఇతర ఖర్చుల 50,000 బిల్లులు వచ్చినకొద్దీ ఇస్తాం. చివరి విడత, ఎంతమంది సంపాదిస్తున్నారో తేలాకే.

వచ్చే ఏడాది మా నివేదిక చదివేటప్పుడు మీరూ ఇదే అడగండి: 40 మంది నేర్చుకున్నారా అని మాత్రమే కాదు, 25 మంది సంపాదిస్తున్నారా అని.