రెండు చిత్రాల నడుమ ఖాళీ
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చిన్న కవితల గురించి మాట్లాడమన్నారు. మీలో చాలామంది ఫోన్లో మూడు నాలుగు పాదాలు రాసి స్టేటస్ పెడుతున్నారు, నేనూ చూస్తున్నాను. కొన్ని చదివాక కాసేపు ఆగిపోయాను. కొన్ని మాత్రం చదువుతూనే అయిపోయాయి. రెండూ మూడు పాదాలే, మరి తేడా ఎక్కడుంది? ఈ పూట దాని గురించే మాట్లాడతాను.

హైకూ జపాన్ వాళ్ళది. మొదట్లో అది విడి కవిత కాదు. నలుగురైదుగురు కవులు కూర్చుని, ఒకరి పద్యానికి ఇంకొకరు పద్యం తగిలిస్తూ గొలుసుగా అల్లేవారు. ఆ గొలుసులో మొట్టమొదటి పద్యాన్ని హొక్కు అనేవారు. బషో (1644–1694) చేతిలో ఆ మొదటి పద్యం తన కాళ్ళ మీద తాను నిలబడింది. దానికి హైకూ అన్న పేరు స్థిరపడింది చాలా తర్వాత, 1890లలో, మసవోకా షికి అనే కవి వల్ల.

అయిదు, ఏడు, అయిదు కలిపి పదిహేడు అక్షరాలని మీరు వినే ఉంటారు. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. జపాన్ వాళ్ళు లెక్కపెట్టేది మనం అక్షరం అనుకునేదాన్ని కాదు. 'టోక్యో' అన్న మాట మనకు రెండక్షరాలు. వాళ్ళకు నాలుగు: టో-ఓ-క్యో-ఓ. దీర్ఘానికి రెండు లెక్క. అంటే అది మన ఛందస్సులోని మాత్రకు దగ్గర. కాబట్టి వాళ్ళ పదిహేడులో పట్టే సరుకు మన పదిహేడు అక్షరాల్లో పట్టేదానికన్నా తక్కువ. తెలుగులో లెక్క కోసం వేళ్ళు మడిచే పని పెట్టుకోకండి. ఒక్క ఊపిరిలో చదవగలిగితే చాలు. అసలు సంగతి లెక్కలో లేదు, కోతలో ఉంది.

జపాన్ హైకూలో 'కిరెజి' అని ఉంటుంది. కోత పదం అని అర్థం. 'యా' లాంటి చిన్న ముక్క అది. దానికంటూ ప్రత్యేకంగా అర్థం లేదు. అది వచ్చిన చోట కవిత రెండుగా తెగుతుంది. ఇటు ఒక చిత్రం, అటు ఒక చిత్రం, నడుమ ఖాళీ. ఆ ఖాళీలో ఏముందో కవి చెప్పడు.

దీనికి బషో జీవితంలోంచే ఒక సంగతి చెబుతాను. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువమందికి తెలిసిన హైకూ ఆయనదే. కప్ప నీళ్ళలోకి దూకిన చప్పుడు గురించినది, 1686 నాటిది. ఆయన శిష్యుడు షికో రాసిన వృత్తాంతం ప్రకారం, బషోకు ముందు చివరి రెండు పాదాలే తట్టాయి, కప్ప, నీటి చప్పుడు. మొదటి పాదం దొరకలేదు. పక్కనే ఉన్న ఇంకో శిష్యుడు కికాకు 'యమబుకి పూలు' అని పెట్టమన్నాడు. యమబుకి అంటే వసంతంలో పూసే పసుపు రంగు పూల పొద. బషో వద్దన్నాడు. 'పాత కొలను' అని పెట్టుకున్నాడు.

కికాకు సలహా తీసిపారేయాల్సింది కాదు. అందంగా ఉంది కూడా. కానీ జపాన్ పాత కవిత్వంలో కప్ప వచ్చిందంటే వెనకే యమబుకి వచ్చేది. మన దగ్గర వెన్నెల అనగానే చకోరం రాలేదా? అలాంటి జోడీ అది. వినేవాడికి ముందే తెలిసిన జత. ఖాళీ అక్కడ ముందే నిండిపోయి ఉంది. పైగా పాతకాలం కవులు కప్ప పాటను వర్ణించేవారు. బషో కప్ప పాడలేదు, దూకింది. పక్కన పువ్వు పెడితే అది బొమ్మ అయ్యేది. కదలని పాత నీళ్ళు పెట్టాడు కాబట్టి ఆ చప్పుడుకు ముందున్న నిశ్శబ్దం, తర్వాతి నిశ్శబ్దం రెండూ వినబడతాయి. నిశ్శబ్దం అన్న మాట కవితలో లేదు. మన తెలుగులో ఇస్మాయిల్ గారు తన హైకూల పుస్తకానికి 'కప్పల నిశ్శబ్దం' అని పేరు పెట్టుకున్నారు. ఈ కథ తెలిశాక ఆ పేరు ఇంకోలా వినిపిస్తుంది.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. ఉదాహరణ కోసం నేనే ఒకటి కట్టాను. వారం సంతకు అడ్డాకుల కట్టలు పట్టుకుని వచ్చిన తల్లి గురించి రాయాలనుకున్నాం అనుకోండి. మొదట చేతికి వచ్చేది ఇలా ఉంటుంది:

రోజంతా వానలో తడిసి
అడ్డాకులు అమ్మే అమ్మ కష్టం
ఎవరికి తెలుసు?

ఇందులో అబద్ధం లేదు. కానీ చదివేవాడికి పని లేదు. 'కష్టం' అన్న మాట మనమే అనేశాం. అతను 'అయ్యో' అని వేలితో పైకి తోసేస్తాడు. సరే, కష్టం అన్న మాట తీసేసి ఒక పోలిక పెడదాం:

వానలో తడిసిన అమ్మ
అమ్ముడుపోని అడ్డాకుల కట్టలా
మూలన కూర్చుంది

ఇది కాస్త నయం. చూడటానికి ఏదో ఉంది. అయితే ఆ 'లా' ఉంది చూశారా, అది రెండు చిత్రాలకూ మధ్య జిగురు పూసింది. అమ్మ, కట్ట ఒకటే అని తీర్పు చెప్పేసింది. చదివేవాడు ఒప్పుకోవాలి లేదా మానుకోవాలి, అంతే. తెలుగులో హైకూ రాసేటప్పుడు ముందు అనుమానించాల్సింది ఈ లా, లాగా, వలెలనే.

ఇప్పుడు అమ్మను కూడా తీసేద్దాం. సంత లేచిపోయే వేళ, ఆమె కట్ట ఎత్తి నెత్తిన పెట్టుకోబోతుంది. అప్పుడు ఏం కనబడుతుందో అది మాత్రం రాద్దాం:

వాన వెలిసిన సంత —
అమ్ముడుపోని అడ్డాకుల కట్ట కింద
పొడి నేల

చుట్టూ తడి. కట్ట ఉన్న చోటు మాత్రం పొడి. అంటే వాన మొదలవకముందే కట్ట అక్కడ ఉంది. వాన కురుస్తున్నంతసేపూ కదల్లేదు. ఎవరూ కొనలేదు, కనీసం ఎత్తి చూడనూ లేదు. ఆమె చెట్టు కిందికి పరుగెత్తిందా, కట్ట పక్కనే తడుస్తూ కూర్చుందా? కవిత చెప్పదు. కుండపోత అయితే కట్ట కిందకూ నీళ్ళు చేరేవి, కాబట్టి అది జల్లే అని సంతకు వెళ్ళిన అలవాటున్నవాడు పట్టుకుంటాడు. ఇంత సంగతిని రెండే మాటలు మోస్తున్నాయి: పొడి నేల. మన భాషకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. 'ఉంది' అని చెప్పకుండానే తెలుగులో వాక్యం నిలబడుతుంది. 'అమ్ముడుపోని' అన్న ఒక్క మాటలో ఒక రోజంతా ఇమిడిపోతుంది. దాన్ని ఇంకా కుదించి 'అమ్మని కట్ట' అని కూడా చూశాను. తల్లి గుర్తొచ్చి మాటల చమత్కారంలా వినబడింది. పొడుగైనా పాతదే ఉంచాను. 'అడ్డాకుల' బదులు ఉత్త 'ఆకుల' అంటే ఒక అక్షరం కలిసొస్తుంది, కానీ అప్పుడది ఏ ఊరి సంతైనా కావచ్చు.

రాసినది పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? నేను చేసేది ఒకటే. మొదటి పాదం మార్చి చూస్తాను. 'వేసవి సంత' అని పెట్టండి. అప్పుడు నేలంతా పొడే, చివరి పాదం చచ్చిపోతుంది. అంటే వాన అక్కడ అవసరమే. మొదటి పాదం మార్చినా ఏమీ తేడా రాకపోతే అది అలంకారానికి పెట్టుకున్నదన్నమాట. 'వాన వెలిసిన సంత — తడిసిన గొడుగులు' అంటే రెండు చిత్రాలు మరీ దగ్గర, నడుమ ఖాళీయే లేదు. సంత పక్కన చంద్రుడి మీదికి వెళ్ళే రాకెట్టును పెడితే మరీ దూరం, అది కవిగారి తెలివి తప్ప ఇంకేం కాదు. ఇంకో జబ్బు మూడో పాదంలో నీతి చెప్పడం, లేదా మలుపు పెట్టి నవ్వించడం. మలుపు ఇష్టమైతే ఎన్. గోపి గారి 'నానీలు' పద్ధతి చూడండి. నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై అయిదు అక్షరాలు. మొదటి రెండు పాదాలు ఒక భావం, చివరి రెండు ఇంకో భావం. అక్కడ వ్యాఖ్యకు చోటుంది. హైకూలో లేదు.

మన పెద్దవాళ్ళు పొడుపు కథ వేస్తారు కదా, ఇదీ అంతేనా అని ఒకరు అడిగారు. పొడుపు కథలో విషయం దాచి ఉంటుంది, విప్పితే జవాబు ఒకటే. హైకూలో దాచిందేమీ లేదు. కట్ట కనబడుతోంది, నేల కనబడుతోంది. జవాబు మాత్రం లేదు.

ఇంకొక మాట. జపాన్ హైకూలో రుతువును సూచించే మాట ఒకటి ఉండాలన్నది సంప్రదాయం. అలాంటి మాటలకు పెద్ద పెద్ద నిఘంటువులే ఉన్నాయి. మనకు నిఘంటువు లేదు గానీ మాటలున్నాయి. 'ఇప్పపువ్వు రాలుతోంది' అంటే చాలు, మనవాళ్ళకు నెల తెలిసిపోతుంది, వేకువ తెలుస్తుంది, బుట్టలు, వాసన, చెట్టు కింద ఊడ్చిన నేల అన్నీ వచ్చేస్తాయి. అదే పట్నంలో పుట్టినవాడికి అది ఒక పువ్వు పేరు మాత్రమే. తక్కువ మాటల్లో ఎక్కువ చెప్పడం ఇద్దరికీ తెలిసిన బతుకు మీద ఆధారపడి ఉంటుంది. అందుకని మన మాటలు మానేయకండి. కాకపోతే మిగతా రెండు పాదాల్లో ఎవరికైనా కనబడే వస్తువు ఒకటి ఉంచండి. అడ్డాకులు తెలియనివాడికి కూడా పొడి నేల తెలుసు.

మన గురించి బయటివాళ్ళు రాసినవి మీరు చదివే ఉంటారు. అమాయకులు, అడవి బిడ్డలు, కల్లాకపటం తెలియనివాళ్ళు. అన్నీ విశేషణాలే. విశేషణం చదివినవాడు జాలిపడి వెళ్ళిపోతాడు, చూడడు. పొడి నేల చదివినవాడు ముందు చూడాలి, తర్వాత లెక్క వేసుకోవాలి, ఆ తర్వాతే ఏమైనా అనుకోవాలి. నాకు ఈ చిన్న రూపం మీద ఆశ అందుకే. అయితే దీనితో అన్నీ చెప్పలేం. పోడు భూమి పట్టా ఎందుకు రాలేదో, ఏ కాగితం ఎక్కడ ఆగిందో చెప్పాలంటే వ్యాసం రాయండి, పాట కట్టండి. పేర్లూ తేదీలూ డిమాండ్లూ మూడు పాదాల్లో కూరితే అటు కవితా కాదు, ఇటు అర్జీ కాదు.

చదివేటప్పుడు కూడా తొందరపడకండి. మొదటి పాదం చదివి, గీత దగ్గర ఆగండి. ఎదుటివాడికి సంత కనబడనివ్వండి. తర్వాతి రెండు పాదాలూ ఆపకుండా చదవండి. అయిపోయాక 'అంటే ఏంటంటే' అని మొదలుపెట్టొద్దు. ఇవాళ నేను చేసింది అదే అనుకోండి, పాఠం చెప్పమన్నారు కాబట్టి తప్పలేదు.

భోజనాలకు ముందు ఇంకో పదిహేను నిమిషాలున్నాయట. కాగితాలు తీయండి. మొదటి పాదం నేనిస్తాను: 'ఇప్పపూల వేకువ —'. మిగతా రెండూ మీవి. లా, లాగా వాడకూడదు. వాసన గురించి రాయకూడదు, అది మొదటి పాదంలోనే వచ్చేసింది. రాసినవాళ్ళు ఇటు ముందుకొచ్చి చదవండి.