ద్రౌపది అడిగిన ప్రశ్న

భారతంలోని ఒక కథ వినండి.

ధర్మరాజు జూదం ఆడాడు. రాజ్యం పోయింది. తమ్ముళ్లను ఓడాడు. తననూ ఓడాడు. చివరికి ద్రౌపదిని పందెం కాసి ఓడాడు.

"ద్రౌపది ఇక మా దాసి. సభకు తీసుకురా" అని దుర్యోధనుడు మనిషిని పంపాడు.

ద్రౌపది కదలలేదు. "ఆయన ముందు ఓడింది తననా, నన్నా? సభలో అడిగి రా" అంది.

ముందు తానే ఓడితే ఆయనే దాసుడు. దాసుడు భార్యను ఎలా పందెం కాస్తాడు?

దుశ్శాసనుడు ఆమెను జుట్టు పట్టి సభకు ఈడ్చుకొచ్చాడు. అక్కడా ద్రౌపది అదే అడిగింది. భీష్ముడు తేల్చి చెప్పలేకపోయాడు. కౌరవుల్లో వికర్ణుడు మాత్రం "ఈ పందెం చెల్లదు" అన్నాడు.

చివరికి ధృతరాష్ట్రుడు దిగొచ్చి వరాలిచ్చాడు. ద్రౌపది భర్తలను విడిపించుకుంది.

పెద్దలు నోరు మెదపకున్నా, అన్యాయాన్ని అడిగి తీరాలి.